ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద రాసిన స్పీడ్ ఇవ్వట్లేదా? కేబుల్, పోర్ట్, వేడి: తప్పు ఎక్కడుందో వరుసగా పట్టుకునే పద్ధతి

హనుమకొండ, కాజీపేట, పరకాల వైపు పెళ్లి వీడియోలు తీసే తమ్ముళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "అన్నా, డబ్బా మీద 1050 అని రాసి ఉంది. నాకు 40 దాటట్లేదు. డూప్లికేట్ అంటగట్టిన్రా?"

నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు డ్రైవ్ బాగానే ఉంటుంది. దానికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉన్న కేబుల్‌లోనో, గుచ్చిన పోర్ట్‌లోనో, డ్రైవ్ వేడెక్కడంలోనో తప్పు దొరుకుతుంది. డ్రైవ్ వాపసు ఇచ్చే ముందు ఒక అరగంట పెట్టి కింది వరుసలో చూడండి. వరుస మార్చకండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్ట్ రెండూ కలిపి మార్చేస్తే స్పీడ్ పెరిగినా దేనివల్ల పెరిగిందో మీకు తెలియదు.

ఉదాహరణగా పరకాల నుంచి వచ్చిన ఒక తమ్ముడి డ్రైవ్‌ను చివరిదాకా వెంటబెట్టుకుని వెళ్దాం. 1 టీబీ డ్రైవ్, డబ్బా మీద సెకనుకు 1050 ఎంబీ. ఒక పెళ్లికి రెండు కెమెరాలు, ఒక డ్రోన్ కలిపి 380 జీబీ ఫుటేజ్ వచ్చింది. ల్యాప్‌టాప్ నుంచి డ్రైవ్‌లోకి కాపీ చేస్తే దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది.

## 1. మొదలుపెట్టే ముందు

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. ఆ డ్రైవ్‌లో కస్టమర్ ఫుటేజ్ ఉండి, దానికి ఇంకో కాపీ ఎక్కడా లేకపోతే, ఎంత నెమ్మదిగా పోయినా సరే మొదట ఇంకో కాపీ తీయండి. ఆ తర్వాతే పరీక్షలు. పెళ్లిని మళ్లీ షూట్ చేయలేం.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- డ్రైవ్‌తో పాటు డబ్బాలో వచ్చిన అసలు కేబుల్. పోతే, 10 జీబీపీఎస్ అని స్పష్టంగా రాసి ఉన్న ఇంకో కేబుల్
- మీ ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబర్. అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది
- డ్రైవ్‌లో 100 జీబీకి బాగా మించి ఖాళీ
- విండోస్‌లో CrystalDiskMark, CrystalDiskInfo అనే రెండు ఉచిత ప్రోగ్రామ్‌లు
- 20 జీబీకి తగ్గని ఒకే పెద్ద వీడియో ఫైల్
- ఒక టేబుల్ ఫ్యాన్

పెద్ద ఫైల్ ఒక్కటే ఎందుకంటే, వేలకొద్దీ చిన్న ఫోటోలు కాపీ చేస్తే ఏ డ్రైవైనా నెమ్మదిగానే కనిపిస్తుంది. ఒక్కో ఫైల్‌కు పేరు రాయడం, చోటు వెతకడం, యాంటీవైరస్ తనిఖీ చేయడం ఉంటాయి. డబ్బా మీది అంకె పెద్ద ఫైల్‌ను ఏకధాటిగా రాసినప్పటిది, చదివినప్పటిది. పోలికా అలాంటి ఫైల్‌తోనే చేయాలి.

ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు పెట్టే ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే లెక్కలు తారుమారు అవుతాయి.

## 2. మొదటి సెకను నుంచే నెమ్మదా, కాసేపటి తర్వాత నెమ్మదా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

కాపీ మొదలైన క్షణం నుంచే స్పీడ్ తక్కువగా ఉండి, చివరిదాకా అలాగే నిలకడగా ఉంటే దారి ఇరుకుగా ఉందన్నమాట. అంటే కేబుల్ లేదా పోర్ట్. అలా కాకుండా మొదట బాగా పోయి రెండు మూడు నిమిషాల తర్వాత పడిపోతే, దారి సరిగ్గానే ఉంది. డ్రైవ్ లోపల ఏదో జరుగుతోంది. అది వేడి కావచ్చు, లేదా డ్రైవ్‌లో ఉండే తాత్కాలిక రాత చోటు నిండిపోవడం కావచ్చు.

CrystalDiskMark తెరవండి. డ్రైవ్ అక్షరం ఎంచుకోండి, పరిమాణం `1GiB` దగ్గరే ఉంచండి, `SEQ1M Q8T1` అన్న బటన్ నొక్కండి. వచ్చిన రీడ్ అంకెను కింది వాటితో పోల్చండి.

- 35 నుంచి 43: డ్రైవ్ యూఎస్‌బీ 2.0 దారిలో నడుస్తోంది. దాదాపు ఖాయంగా కేబుల్ లేదా పోర్ట్
- 400 నుంచి 460: 5 జీబీపీఎస్ దారి. డ్రైవ్‌కు ఇంకా సత్తా ఉంది, పోర్ట్ లేదా కేబుల్ సగంలో ఆపుతోంది
- 900 నుంచి 1050: 10 జీబీపీఎస్ దారి. మీ డ్రైవ్ మీద 1050 అని ఉంటే ఇదే దాని పూర్తి స్పీడ్. సమస్య ఇంకా ఉంటే నేరుగా 6వ భాగానికి వెళ్లండి

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. దారి వేగాన్ని బిట్లలో చెబుతారు, జీబీపీఎస్ అంటే సెకనుకు గిగాబిట్లు. కాపీ వేగాన్ని బైట్లలో చూపిస్తారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు. అందులోంచి మాటామంతీ ఖర్చులు పోగా చేతికి వచ్చేది 40 చుట్టూ. కాబట్టి మీకు 40 కనిపిస్తే అది ఏదో ఒక నెమ్మది కాదు, ఫలానా దారి గరిష్ఠ వేగం. డ్రైవ్ చెడిపోతే ఇంత కచ్చితమైన అంకె దగ్గర నిలకడగా ఆగదు.

పరకాల తమ్ముడికి వచ్చింది 38. అదీ మొదటి సెకను నుంచే. కాబట్టి మేం డ్రైవ్ జోలికి పోకుండా కేబుల్ పట్టుకున్నాం.

దారి ఏ వేగంతో కుదిరిందో నేరుగా కూడా చూడొచ్చు. మ్యాక్‌లో `System Report` తెరిచి `USB` కింద డ్రైవ్ పేరు నొక్కితే `Speed` అని కనిపిస్తుంది. లినక్స్‌లో ఈ ఆదేశం చాలు:

```
lsusb -t
```

డ్రైవ్ ఉన్న వరుస చివర `480M` అని ఉంటే యూఎస్‌బీ 2.0. `5000M` ఉంటే 5 జీబీపీఎస్, `10000M` ఉంటే 10 జీబీపీఎస్. విండోస్‌లో USBTreeView అనే ఉచిత ప్రోగ్రామ్ ఇదే పని చేస్తుంది. అందులో `High-Speed` అని కనిపిస్తే సంతోషపడకండి. పేరు అలా ఉన్నా అది యూఎస్‌బీ 2.0 వేగమే. మీకు కావాల్సింది `Super-Speed` అన్న మాట.

## 3. కేబుల్: అన్నిటికంటే ఎక్కువసార్లు దొరికే దొంగ

తమ్ముడి డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబుల్ ఏదో ఫంక్షన్ హాల్లో పోయింది. తర్వాత ఫోన్ ఛార్జర్ కేబుల్ వాడుతున్నాడు. రెండు చివరలా టైప్ సి, సరిగ్గా పడుతుంది, డ్రైవ్ లైట్ వెలుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

టైప్ సి అనేది ప్లగ్ ఆకారం పేరు మాత్రమే, వేగం పేరు కాదు. లోపల యూఎస్‌బీ 2.0కు ఒక జత తీగలు ఉంటాయి. 5, 10 జీబీపీఎస్ వేగాలకు వాటికి తోడు ఇంకొన్ని జతల తీగలు కావాలి. ఫోన్ ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి ఆ అదనపు తీగలే ఉండవు. ఛార్జింగ్‌కు వాటి అవసరం లేదు కాబట్టి వేయరు.

"ఇది 100 వాట్ల కేబుల్ అన్నా, లావుగా ఉంది చూడు" అంటారు. వాట్లు కరెంటు మోసే శక్తిని చెబుతాయి. డేటా తీగల గురించి అవి ఏమీ చెప్పవు. 100 వాట్ల కేబుల్ అయి ఉండి డేటాకు మాత్రం యూఎస్‌బీ 2.0 ఇచ్చేవి బజారులో బోలెడు.

కేబుల్‌ను పరీక్షించే వరుస:

1. డ్రైవ్‌తో వచ్చిన అసలు కేబుల్ పెట్టండి. పోర్ట్ మార్చకండి. మళ్లీ `SEQ1M Q8T1` నడపండి.
2. ఒక చివర పాత చదరపు ప్లగ్, అంటే టైప్ ఎ ఉంటే, దాని నోట్లోకి టార్చ్ వేసి చూడండి. ముందు నాలుగు వెడల్పు బంగారు రంగు పట్టీలు, వాటి వెనక ఐదు చిన్నవి కనిపిస్తే అది యూఎస్‌బీ 3 ప్లగ్. నాలుగే ఉంటే యూఎస్‌బీ 2.0, దానితో ఇక కుస్తీ పట్టొద్దు.
3. టైప్ సి ప్లగ్‌ను కంటితో చూసి నమ్మకంగా చెప్పలేం. ప్లగ్ మీద గానీ ప్యాకెట్ మీద గానీ 10Gbps, 20Gbps, 40Gbps లాంటి గుర్తు ఉందా చూడండి. ఏ గుర్తూ లేకపోతే ఛార్జింగ్ కేబుల్ అనే అనుకోండి.
4. టైప్ సి ప్లగ్‌ను తీసి, తలకిందులు చేసి మళ్లీ పెట్టండి. ఒక వైపు 40, రెండో వైపు 900 వస్తే ఒక వైపు తీగలో గానీ పిన్నులో గానీ దెబ్బ ఉంది. ఇంకో కేబుల్‌తోనూ ఇలాగే అయితే దెబ్బ సాకెట్‌లో ఉన్నట్టు.
5. టైప్ ఎ ప్లగ్‌ను మెల్లగా కాకుండా ఒక్క ఊపులో లోపలికి నెట్టండి. ముందున్న నాలుగు పట్టీలు మొదట తగులుతాయి. మెల్లగా పెడితే వెనక ఐదు తగిలేలోపే కంప్యూటర్ దాన్ని యూఎస్‌బీ 2.0గా గుర్తించి కూర్చునే సందర్భాలున్నాయి. తీసి గట్టిగా పెడితే సరైపోతుంది.

పొడవు కూడా ముఖ్యమే. 10 జీబీపీఎస్ కావాలంటే కేబుల్ ఒక మీటరు దాటకుండా చూసుకోండి. ఎడిటింగ్ టేబుల్ దూరమని ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలిస్తే వేగం ఒక మెట్టు దిగుతుంది, లేదా కాపీ మధ్యలో డ్రైవ్ మాయమవుతుంది. రెండోది ఇంకా ప్రమాదం.

కొత్త కేబుల్ కొనేటప్పుడు షాపులో "డేటా కేబుల్ ఇవ్వండి" అంటే ఫోన్‌ది చేతిలో పెడతారు. ఇలా అడగండి:

- రెండు చివరలూ ఏ ఆకారం కావాలో చెప్పండి
- ప్యాకెట్ మీద 10Gbps అని అచ్చయి ఉందా చూడండి. 480Mbps అని ఉంటే వద్దు
- అర మీటరు లేదా ఒక మీటరుదే తీసుకోండి
- పని చేయకపోతే మారుస్తారా అని ముందే అడగండి

తమ్ముడికి నా దగ్గరున్న కేబుల్ ఇచ్చాం. ఒక చివర టైప్ ఎ, ఇంకో చివర టైప్ సి, 10 జీబీపీఎస్ గుర్తు ఉంది. ల్యాప్‌టాప్ ఎడమ పక్కన ఉన్న నీలం పోర్ట్‌లో పెట్టాం. 38 కాస్తా 430 అయింది. అతను ఇక చాలన్నాడు. కానీ 430 అంటే 5 జీబీపీఎస్ దారి గరిష్ఠ వేగం. డ్రైవ్ ఇంకా సగం కూడా పరిగెత్తలేదు.

## 4. పోర్ట్: ఏ కన్నంలో పెట్టారన్నదే లెక్క

ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు పోర్టులు ఉంటే అన్నీ ఒకే వేగంతో ఉండాలని లేదు. రంగును మాత్రమే నమ్మకండి. లోపల నీలం నాలుక ఉంటే సాధారణంగా 5 జీబీపీఎస్. కానీ రంగు తప్పనిసరి నియమం కాదు, నల్లవాటిలోనూ వేగమైనవి ఉంటాయి. పోర్ట్ పక్కన SS అన్న గుర్తు ఉంటే కనీసం 5, దాని పక్కన 10 అంకె ఉంటే 10 జీబీపీఎస్.

ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబర్‌తో తయారీదారు వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ తెరవండి. అక్కడి పేర్లు మనిషిని తిప్పలు పెడతాయి, ఎందుకంటే ఒకే వేగానికి రెండు మూడు పేర్లు పెట్టారు. ఇలా గుర్తుంచుకోండి:

- యూఎస్‌బీ 3.0, యూఎస్‌బీ 3.1 జెన్ 1, యూఎస్‌బీ 3.2 జెన్ 1: మూడూ ఒకటే, 5 జీబీపీఎస్
- యూఎస్‌బీ 3.1 జెన్ 2, యూఎస్‌బీ 3.2 జెన్ 2: రెండూ ఒకటే, 10 జీబీపీఎస్
- ఉత్త యూఎస్‌బీ 3.2 అని రాసి వదిలేస్తే: 5 అనే అనుకోండి

ల్యాప్‌టాప్‌లో టైప్ సి పోర్ట్ ఉంది కదా, అదే వేగమైనదై ఉంటుందన్న నమ్మకం కూడా వద్దు. 5 జీబీపీఎస్ దగ్గరే ఆగే టైప్ సి పోర్టులు చాలా ఉన్నాయి. ఫోన్ల సంగతీ అంతే. ఐఫోన్ 15 ప్రోలో టైప్ సి 10 జీబీపీఎస్ ఇస్తుంది, మామూలు ఐఫోన్ 15లో అదే ఆకారపు కన్నం యూఎస్‌బీ 2.0 వేగమే ఇస్తుంది.

డెస్క్‌టాప్ వాడేవాళ్లు క్యాబినెట్ ముందు పోర్టుల్లో పరీక్షించకండి. అవి లోపల ఒక పొడవాటి తీగతో మదర్‌బోర్డుకు కలుస్తాయి. అసెంబుల్ చేసినవాళ్లు ఆ తీగను పెట్టకుండా వదిలేయడం, పెట్టినా అది నాసిరకంగా ఉండటం నేను తరచూ చూస్తుంటాను. వెనక మదర్‌బోర్డు మీద నేరుగా ఉన్న పోర్ట్‌లో పెట్టి చూశాకే ఒక మాటకు రండి.

హబ్, డాక్ వాడుతుంటే పరీక్ష కోసం తీసేయండి. హబ్‌లో ఎన్ని పోర్టులున్నా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లే దారి ఒక్కటే, దాన్నే అందరూ పంచుకోవాలి. ఇంకో మతలబు కూడా ఉంది. కొన్ని టైప్ సి డాక్‌లకు 4కే మానిటర్ తగిలిస్తే వేగమైన తీగలన్నిటినీ బొమ్మే తీసేసుకుంటుంది, డేటాకు యూఎస్‌బీ 2.0 జత ఒక్కటే మిగులుతుంది. మానిటర్ తీస్తే 400, పెడితే 40 వస్తుంటే కారణం ఇదే.

డబ్బా మీద 2000 అని రాసి ఉన్న డ్రైవ్ కొన్నవాళ్లకు ఒక మాట. ఆ అంకెకు 20 జీబీపీఎస్ ఇచ్చే యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 పోర్ట్ కావాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు, మ్యాక్‌లలోనూ ఈ డ్రైవ్‌లు మామూలుగా 10 జీబీపీఎస్‌కు దిగిపోతాయి. మీకు 1000 వస్తుంటే డ్రైవ్‌లో లోపం లేదు, కేబుల్ మార్చినా పెరగదు. దాని మీద ఇంకా డబ్బు పెట్టకండి.

తమ్ముడి ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్‌లో ఎడమ పక్క రెండూ 3.2 జెన్ 1, కుడి పక్క టైప్ సి 3.2 జెన్ 2 అని ఉంది. రెండు వైపులా టైప్ సి ఉన్న 10 జీబీపీఎస్ కేబుల్‌తో కుడి పక్కకు మార్చాం. రీడ్ 960 వచ్చింది.

## 5. పంపే వైపు కూడా ఒకసారి చూడండి

ఇది చిన్న విషయమే కానీ టెన్షన్ పెడుతుంది. కెమెరా కార్డు నుంచి నేరుగా డ్రైవ్‌లోకి కాపీ చేస్తే కార్డు ఎంత ఇస్తే అంతే వస్తుంది. మామూలు యూహెచ్‌ఎస్ 1 కార్డు 90 చుట్టూ ఇస్తుంది. పాత తిరిగే హార్డ్ డిస్క్ 100 నుంచి 200. అక్కడ 90 కనిపిస్తే ఎస్‌ఎస్‌డీని తిట్టొద్దు. పరీక్ష ఎప్పుడూ ల్యాప్‌టాప్ లోపలి వేగమైన ఎస్‌ఎస్‌డీ, అంటే ఎన్‌వీఎంఈ డ్రైవ్ నుంచే చేయండి.

## 6. వేడి: మే నెలలో వచ్చే ఫోన్లన్నీ దీని గురించే

ఇప్పుడు రెండో రకం. మొదట 900 పోతుంది, రెండు మూడు నిమిషాల తర్వాత కూలబడుతుంది.

ఎస్‌ఎస్‌డీ రాసేటప్పుడు లోపలి కంట్రోలర్ చిప్, మెమరీ చిప్‌లు, యూఎస్‌బీకి మార్చే బ్రిడ్జ్ చిప్ మూడూ వేడెక్కుతాయి. ఒక హద్దు దాటాక డ్రైవ్ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆ హద్దు మోడల్‌ను బట్టి మారుతుంది, సుమారు 70 నుంచి 85 డిగ్రీల మధ్య ఉంటుంది.

మన ప్రాంతంలో ఇది ఎందుకు ఎక్కువో లెక్క చూడండి. ఏకధాటిగా రాస్తున్నప్పుడు ఒక డ్రైవ్ గది వేడి కంటే 37 డిగ్రీలు పైకి వెళ్తుందనుకుందాం. డిసెంబరులో గది 24 ఉంటే డ్రైవ్ 61 దగ్గర ఆగుతుంది, ఏ ఇబ్బందీ లేదు. మే నెల మధ్యాహ్నం పై అంతస్తులో స్లాబు కింద గది 41 ఉంటే అదే డ్రైవ్ 78కి చేరుతుంది. డ్రైవ్ మారలేదు, పని మారలేదు, గది మారింది. చల్లటి గదుల్లో చేసిన సమీక్షల అంకెలు రామగుండం ఎండాకాలానికి వర్తించవు.

కొలిచే పద్ధతి:

1. CrystalDiskInfo తెరిచి డ్రైవ్ ఉష్ణోగ్రత రాసుకోండి. పని మొదలుకాక ముందు అంకె ఇది.
2. 100 జీబీకి మించిన పెద్ద ఫైళ్లు కాపీకి పెట్టండి. 1 జీబీ పరీక్షతో వేడి తెలియదు, డ్రైవ్ వేడెక్కేలోపే అది అయిపోతుంది.
3. ప్రతి నిమిషానికీ ఉష్ణోగ్రత, కాపీ వేగం రెండూ పక్కపక్కన రాయండి.
4. వేగం పడిన క్షణంలో ఉష్ణోగ్రత ఎంతో గుర్తుపెట్టుకోండి.

కొన్ని డ్రైవ్‌లు యూఎస్‌బీ మీద ఉష్ణోగ్రత చూపించవు. అప్పుడు చేతిని వాడాల్సిందే. లోహపు డబ్బా మీద ఐదు సెకన్లు వేలు ఆనించి ఉంచలేకపోతే లోపల ఇంకా చాలా వేడి ఉన్నట్టు. ప్లాస్టిక్ డబ్బాకు ఈ పరీక్ష పనికిరాదు, వేడి బయటికే రాదు.

లినక్స్ అలవాటున్నవాళ్లు డ్రైవ్ పాత చరిత్ర కూడా చూడొచ్చు. బ్రిడ్జ్ చిప్ రియల్‌టెక్‌ది అయితే ఇలా, వేరేదైతే `sntrealtek` బదులు `sntasmedia` లేదా `sntjmicron`:

```
sudo smartctl -a -d sntrealtek /dev/sdb
```

అందులో `Warning  Comp. Temperature Time` పక్కన ఉన్న అంకె, ఆ డ్రైవ్ ఇప్పటిదాకా హెచ్చరిక హద్దు దాటి గడిపిన నిమిషాలు. సున్నా కాకపోతే వేడి సమస్య ఇవాళ్టిది కాదు.

తమ్ముడి గదిలో ఏసీ లేదు. మధ్యాహ్నం రెండింటికి కాపీ పెట్టాం. డ్రైవ్ రెక్సిన్ పౌచ్‌లోనే ఉంది, పౌచ్ ల్యాప్‌టాప్ పక్కన వేడిగాలి బయటికొచ్చే చోట ఉంది. పని లేనప్పుడే 47 డిగ్రీలు. మొదటి రెండున్నర నిమిషాలు 900తో 135 జీబీ పోయింది. తర్వాత 79 డిగ్రీల దగ్గర వేగం 80కి పడి, కాస్త చల్లారగానే 250కి లేచి, మళ్లీ 80కి పడి, చివరిదాకా ఇలాగే. సగటున 150. మొత్తం 380 జీబీకి అరగంట పట్టింది.

ఏం చేశామంటే:

- పౌచ్‌లోంచి బయటికి తీశాం. పౌచ్ మోసుకుపోవడానికే, పని చేసేటప్పుడు దుప్పటిలాంటిది
- ల్యాప్‌టాప్ గాలి తగలని పక్కకు మార్చాం
- వంటింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చి బోర్లించి దాని మీద పెట్టాం. నాపరాయి గచ్చయినా పనికొస్తుంది, చెక్క టేబుల్ మాత్రం వేడిని లాగదు
- టేబుల్ ఫ్యాన్ నేరుగా దాని మీదికి తిప్పాం

ఈ నాలుగింటిలో ఎక్కువ పని చేసేది ఫ్యాన్. కదలని గాలిలో పళ్లెం కూడా కాసేపటికి వేడెక్కిపోతుంది. ఫ్యాన్ పెట్టాక ఉష్ణోగ్రత 64 దాటలేదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. డ్రైవ్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, ఐస్ ప్యాక్ మీద పెట్టడం వద్దు. చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీటి చుక్కలై లోపలికి దిగుతుంది. ఎయిర్ కూలర్ ముందు పెట్టేవాళ్లు నీటి తుంపర పడని దూరంలో పెట్టండి. గడ్డి నుంచి ఎగిరే చుక్క ఒక్కటి చాలు కనెక్టర్ పాడవడానికి.

ఎన్‌క్లోజర్ అనే ఖాళీ డబ్బా కొని ఎన్‌వీఎంఈ స్టిక్ మీరే బిగించుకున్నట్టయితే ఒకసారి విప్పి థర్మల్ ప్యాడ్ చూడండి. ప్యాడ్‌కు రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒక వైపు పీకి రెండో వైపు మరిచిపోయినవి నా చేతికి చాలానే వచ్చాయి. ప్యాడ్ కంట్రోలర్ చిప్ మీద ఆనుతోందా, మూత మూశాక లోహానికి తగులుతోందా చూడండి. మూత లోపలి వైపు ప్యాడ్ అచ్చు పడకపోతే తగలట్లేదన్నమాట, కాస్త మందమైన ప్యాడ్ వేయాలి. స్టిక్ మీది లేబుల్ మాత్రం పీకకండి, వారంటీ పోతుంది.

## 7. ఫ్యాన్ పెట్టినా పడిపోతోందా? అప్పుడది వేడి కాదు

ఫ్యాన్ కింద తమ్ముడి డ్రైవ్ 900తో ఈసారి 210 జీబీ దాకా పోయింది. తర్వాత ఒక్కసారిగా 270కి పడింది. ఉష్ణోగ్రత 62. అతని ముఖం మళ్లీ వాడిపోయింది. ఇది వేరే సంగతని అర్థం చేసుకోవాలి, లేకపోతే వేడి మీద వృథాగా పోరాడతారు.

ఇప్పటి డ్రైవ్‌లలో ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు రాస్తారు, కొన్నిటిలో నాలుగు. అలా రాయడం నెమ్మది. అందుకే డ్రైవ్ ఖాళీ చోటును తాత్కాలికంగా గదికి ఒక్క బిట్ చొప్పున వేగంగా వాడుకుంటుంది, తీరిక దొరికాక సర్దుకుంటుంది. దీన్ని ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. అది నిండితే అసలు వేగం బయటపడుతుంది. మూడు బిట్ల డ్రైవ్‌లో ఈ క్యాష్ గరిష్ఠంగా ఖాళీ చోటులో మూడో వంతు దాకా ఉండొచ్చు, అన్ని మోడళ్లూ అంత ఇవ్వవు. తమ్ముడి డ్రైవ్‌లో 650 జీబీ ఖాళీ ఉంది, మూడో వంతు దాదాపు 215. మాకు పడిపోయింది 210 దగ్గర, లెక్క సరిపోయింది.

వేడికీ క్యాష్‌కీ తేడా పట్టే గుర్తులు:

- గీత ఆకారం: విండోస్ కాపీ కిటికీలో `More details` నొక్కితే గీత కనిపిస్తుంది. వేడి అయితే రంపపు పళ్లలా పడుతూ లేస్తూ ఉంటుంది. క్యాష్ అయితే గోడ దూకినట్టు ఒకసారి పడి, అక్కడే చదునుగా ఉంటుంది
- చదివే వేగం: పడిన వెంటనే కాపీ ఆపి CrystalDiskMark రీడ్ పరీక్ష నడపండి. రీడ్ కూడా తగ్గితే వేడి. రీడ్ 900 ఉండి రైట్ మాత్రమే తగ్గితే క్యాష్
- పడే చోటు: చల్లబరిచి, అంతే ఖాళీతో మళ్లీ చేస్తే అదే జీబీ దగ్గర పడితే క్యాష్. ఫ్యాన్‌తో ఆ చోటు ముందుకు జరిగితే వేడి

క్యాష్ నిండటం లోపం కాదు, దాన్ని పూర్తిగా పోగొట్టే మార్గమూ లేదు. చోటు ఖాళీ చేస్తే క్యాష్ పెరుగుతుంది, అంతే. పాత పెళ్లిళ్లు వేరే డిస్క్‌లోకి మార్చి తుడిచేశాక, డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది నడపండి. `E` బదులు మీ డ్రైవ్ అక్షరం వేయండి:

```
Optimize-Volume -DriveLetter E -ReTrim -Verbose
```

తుడిచిన చోటు నిజంగా ఖాళీ అని డ్రైవ్‌కు ఇది తెలియజేస్తుంది. సపోర్ట్ లేదని ఎర్రటి సందేశం వస్తే ఆ ఎన్‌క్లోజర్ ఈ సందేశాన్ని లోపలికి పంపట్లేదు, వదిలేయండి. ఆ తర్వాత డ్రైవ్‌ను పదిహేను నిమిషాలు కరెంటులోనే ఊరికే ఉంచండి, సర్దుకోడానికి.

నాలుగు బిట్ల డ్రైవ్ అయితే క్యాష్ నిండాక 100 దగ్గరికి పడటమూ మామూలే. రోజూ వందల జీబీలు ఒకేసారి దించే పని ఉన్నవాళ్లు కొనేముందు క్యూఎల్‌సీ అన్న మాట ఉందా అని చూసి, ఉంటే పక్కన పెట్టండి. ఫోటోలు, పాత ప్రాజెక్టులు దాచుకునేవాళ్లకు అదే డ్రైవ్ చక్కగా సరిపోతుంది.

## 8. చివరికి తమ్ముడి డ్రైవ్ ఎక్కడ తేలింది

అదే 380 జీబీ, అదే ల్యాప్‌టాప్, అదే డ్రైవ్:

- ఛార్జింగ్ కేబుల్‌తో: 2 గంటల 38 నిమిషాలు
- సరైన కేబుల్, సరైన పోర్ట్, కానీ పౌచ్‌లో వేడెక్కుతూ: 30 నిమిషాలు
- పళ్లెం మీద, ఫ్యాన్ కింద: పద్నాలుగున్నర నిమిషాలు

ఈ పద్నాలుగున్నరలో పది నిమిషాలకు పైగా క్యాష్ నిండిన తర్వాతి 170 జీబీకే పోయింది. అందుకే అతను ఇప్పుడు వరుస మార్చుకున్నాడు. ఎడిటర్‌కు ముందుగా కావాల్సిన తలంబ్రాలు, జీలకర్ర బెల్లం ఘట్టాల ఫోల్డర్లు మొదట పంపిస్తాడు, అవి నాలుగు నిమిషాల్లో డ్రైవ్‌లో ఉంటాయి. డ్రోన్ ఫుటేజ్, రిసెప్షన్ వెనకాల మెల్లగా వస్తాయి. కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి డ్రైవ్ పేరు రాశాడు, ఫంక్షన్ హాల్లో ఎవరైనా ఫోన్ ఛార్జింగ్‌కు అడిగినా అది మాత్రం ఇవ్వట్లేదు.